మేకకు కాలమ్ లేదు

2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక మా భద్రాచలం వైపు మొక్కలు చావడం మానేశాయి. కాగితం మీద లెండి. నాటినవాటిలో కనీసం 85 శాతం బతక్కపోతే సర్పంచి పదవికీ, కార్యదర్శి ఉద్యోగానికీ ఎసరేనని ఆ చట్టం చెప్పింది. 2015లో హరితహారం మొదలైనప్పుడు గుంటలో మొక్క ఒక్కటే ఉండేది. ఇప్పుడు దాని పక్కనే ఒక మనిషి ఉద్యోగం కూడా నాటుతున్నారు.

సంస్థ పనితీరు కొలిచేటప్పుడు డబ్బు లెక్క ఒక్కటే చూడొద్దనీ, సేవ అందుకునేవాడి మాట, లోపలి పనితీరు, సిబ్బంది నేర్చుకునేది కూడా చూడాలనీ 1992లో కప్లాన్, నార్టన్ బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు గీశారు. ఆ నాలుగు గళ్లూ ఊరు చేరేసరికి శాతం గడి ఒక్కటే మిగిలింది. ఇక్కడ సేవ అందుకునేది మేక. దాని మాట ఎవరూ అడగరు, అది ఎవర్నీ అడిగి తినదు.

జులైలో వెయ్యి నాటారనుకోండి. మేకలు, రోహిణీకార్తె ఎండ, రాని ట్యాంకరు కలిసి 600 పట్టుకుపోయాయి. ఉన్నది 40 శాతం. తొలకరి పడగానే, లెక్కకు ముందు, నర్సరీ నుంచి 450 సంచులు తెచ్చి అవే గుంటల్లో పెడితే 85 శాతం! దీన్ని గ్యాప్ ఫిల్లింగ్ అంటారు. చచ్చినచోట కొత్తది పెట్టడం మంచి పనే. పాత మొక్క పుట్టినరోజు దానికి అంటగట్టడంలోనే ఉంది చమత్కారం. అంత ఓపిక లేకపోతే, రోడ్డు వెడల్పులో 530 పోయాయని జాబితాలోంచి కొట్టేస్తే సరి. మిగిలిన 470లో 400, అంటే 85 దాటేసింది. చేతికి మట్టి అంటదు.

మోకాలెత్తున్న వేప మొక్కను చూపించి ఓ కార్యదర్శిని అడిగాను: "మూడేళ్లదన్నావ్, ఇంతేనా తమ్ముడూ?"

"బతికిందా లేదా అన్న కాలమే ఉంది సార్. ఎదుగుదలకు కాలమ్ లేదు."

కుదుట్లో నల్ల పాలిథిన్ సంచి అంచు ఇంకా మెరుస్తూనే ఉంది.

అతన్ని తప్పుపట్టలేం. 40 అని నిజం రాస్తే నోటీసు, 85 రాస్తే ప్రశంస. అందుకేనేమో రాష్ట్రమంతా కోనోకార్పస్‌కు అంత గిరాకీ వచ్చింది. పశువు పెద్దగా ముట్టదంటారు, ఎండకు వాడదు. తర్వాత అదే వద్దన్నారనుకోండి, అది వేరే కథ.

వింతేమిటంటే, రోడ్డు దాటితే అడవే. నరికిన టేకు మోడు చిగురేస్తుంది, తునికి వేళ్లనుంచే పిలకలు లేస్తాయి. గుంట, సంచి, ట్యాంకరు ఏవీ అక్కర్లేదు. ఎవరూ నాటలేదు గనక మొక్కల రిజిస్టర్లో వాటికి సున్నా.

మీ ఊళ్లో లెక్కకొస్తే పక్క మండలం వాళ్లను రమ్మనండి, చెప్పకుండా రమ్మనండి. మొక్కల్ని లెక్కపెట్టడంతో ఆగకుండా కాండం చుట్టుకొలత రాయమనండి. చచ్చినవి చచ్చాయని రాసినవాడికి మాత్రం నోటీసు ఇవ్వొద్దనండి.