బొజ్జకు పనొచ్చింది

పుంగనూరులో సూది వేయడానికి రెండు మర్యాదలున్నాయి. పొడిచే ముందు సిరంజీని గోటితో టకటకా కొట్టి గాలి వదలాలి. పొడిచాక దూది పెట్టి చర్మం ఎర్రబడేదాకా రుద్దాలి. ఈ రెండూ చూడకపోతే మావాళ్లకు సూది వేసినట్టే లెక్క కాదు.

తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా నాకు రోజుకొకటి రాసిచ్చిన ఎనాక్సపరిన్ సూదికి ఆ రెండూ నిషిద్ధం. 40 మిల్లీగ్రాముల మందు, 0.4 మిల్లీలీటర్లు, ముందే నింపిన సిరంజీలో వస్తుంది. అందులో చిన్న గాలిబుడగ కూడా ఉంటుంది. కుప్పంలో నర్సమ్మ డిశ్చార్జి రోజున నా బొజ్జ వంక తృప్తిగా చూసి, "మీకు చోటుకు కొదవ లేదు సార్" అంది. ఆ బొజ్జకు జీవితంలో దక్కిన మొదటి ప్రశంస అది.

ఇంట్లో మొదటి సూదికి మదనపల్లె నుంచి బావ దిగినాడు. టమోటా మండీలో వేలంపాట పాడే గొంతు ఆయనది.

"ఒరేయ్, గాలుండాదిరా లోపల! సినిమాలో విలన్ ఇట్లే కదా చంపేది!"

"బావా, వాడు పొడిచేది నరంలో. ఇది తోలు కింద కొవ్వులోకి. ఈ రవంత గాలిని ఒళ్లే పీల్చేస్తుంది."

బుడగకు ఓ ఉద్యోగం ఉంది. సూది మొన కిందికి ఉంటే బుడగ పైకి, పిస్టన్ దగ్గరికి చేరుతుంది. మందంతా పోయాక అది వెనకనుంచి తోసి, సూదిలో మిగిలిన చుక్కను కూడా లోపలికి పంపుతుంది. ముందే గాలి వదలబోతే దాంతో పాటు మందూ కారిపోతుంది. అయితే ఇదంతా సిరంజీలోని మందు మొత్తం వేసుకునేవాళ్లకే. కొంతే వేయమన్నప్పుడు పద్ధతి వేరు, నర్సునే అడగాలి.

బొడ్డుకు రెండంగుళాలు వదిలి, పక్కకు, మడత పట్టుకున్నాను. నిన్న కుడి, నేడు ఎడమ. సూదిని నిటారుగా పూర్తిగా దించి, నిదానంగా నొక్కి, బయటికి తీసేదాకా మడత వదల్లేదు. అప్పటికే పిన్నమ్మ దూదితో సిద్ధం.

"రుద్దకపోతే గడ్డ కడతాది నాయనా!"

"రుద్దితేనే కమిలిపోతాది పిన్నమ్మా. రక్తాన్ని పలచగా చేసే మందిది. ఊరికే అదిమి పట్టుకో."

అదిమి పట్టుకోవడం ఆమె చేతికి శిక్షే. వేళ్లు వాటంతటవే గుండ్రంగా తిరగబోయాయి. దూది లాక్కుని నేనే పట్టుకున్నాను. అయినా రూపాయి బిళ్లంత నీలిమచ్చ రావచ్చు, దానికి భయం లేదు. మచ్చ పెరుగుతున్నా, చిగుళ్లలో రక్తం ఆగకున్నా, విరేచనం తారులా నల్లగా అయినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఈ చివరి మాటను పిన్నమ్మ చాలా శ్రద్ధగా వినింది. అప్పట్నుంచి రోజూ పొద్దున, పాలవాడు వాకిట్లో ఉండగానే, "నాయనా, ఈ పొద్దు ఏ రంగు?" అని వీధి గదిలోంచి అరుస్తుంది.