నోడల్ ఆఫీసర్ గారికి, రూ. 354 విషయమై

మహారాజశ్రీ నోడల్ ఆఫీసర్ గారి దివ్యసముఖమునకు,

సూరత్, లింబాయత్ నుంచి తమ పోస్ట్‌పెయిడ్ ఖాతాదారు నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. తమరు క్షేమమేనా అని అడగడానికి ముందు, అసలు ఉన్నారా అని అడగాల్సి వస్తోంది. ఎందుకో కింద మనవి చేసుకుంటాను.

ముందు సంగతి. నాది నెలకు 40 జీబీ డేటా ప్లాన్. మొన్నటి బిల్లులో నెల అద్దె కింద మూడు కొత్త పద్దులు కనిపించాయి. ఒక్కొక్కటి పది జీబీల అదనపు డేటా ప్యాక్, ఒక్కొక్కటి వంద రూపాయలు. మూడు వందల మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, అంటే కేంద్రానికి 27, గుజరాత్‌కు 27, వెరసి రూ. 354. మూడూ తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో పడినవే. మా పేటలో ఆ వేళకు మెలకువగా ఉండేది రాత్రి పాళీ మగ్గాలవాళ్లు. వాళ్లైనా ఆ చప్పుడులో వీడియోలు చూడరు.

నేను రింగ్ రోడ్డులోని ఒక చీరల దుకాణంలో లెక్కలు రాసేవాణ్ని. బిల్లు చూస్తే పద్దులు సరిచూడకుండా ఉండలేను. అదే నెలకు మీ యాప్‌లో వాడకం తెరిచాను. నలభై జీబీల్లో ఇరవై ఆరు ఖర్చయ్యాయి, పద్నాలుగు మిగిలాయి. దాని కింద మూడు అదనపు ప్యాక్‌లు బారులు తీరి ఉన్నాయి. వాటిలో వాడినది సున్నా. నెలాఖరుకు ముప్పై జీబీలూ కాలం చెల్లిపోయాయి. అంటే ఇంటి బియ్యమే అయిపోని మనిషి అర్ధరాత్రి లేచి మూడు బస్తాలు కొని, ఒక్క గింజ ముట్టకుండా పారబోశాడని మీ లెక్క చెబుతోంది. నేను అంత దాతను కాను సార్.

మీ కాల్ సెంటర్ వారు దీనికి మూడు కారణాలు చెప్పారు. మొదటిది, యాప్‌లో నేనే నొక్కానట. రెండోది, పాత ప్యాక్ దానంతటదే రెన్యువల్ అయిందట. నేను ఎప్పుడూ కొనని ప్యాక్ ఎలా రెన్యువల్ అయిందో ఆ అమ్మాయికీ అర్థం కాలేదు, పాపం ఆమె తప్పేం లేదు. మూడోది కారణం కాదు, బేరం: గుడ్‌విల్ కింద నూట యాభై జమ చేస్తాం, ఫిర్యాదు మూసేస్తాం అన్నారు. మూసేశారు కూడా. సమస్య పరిష్కారమైందని ఎస్సెమ్మెస్ వచ్చింది. పరిష్కారం మాత్రం ఇంకా దారిలో ఉంది.

నాకు గుడ్‌విల్ వద్దు. ఎందుకు వద్దో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మెత్తబడతారు. మా దుకాణం నుంచి విజయవాడకు వెళ్లిన పార్సెల్‌లో లోపమున్న చీరలు తిరిగొస్తే, మా సేఠ్ మంచి మనసుతో ఏదో కొంత ఇచ్చి చేతులు దులుపుకోలేడు. సరుకు విలువకూ, దాని మీద వేసిన పన్నుకూ కలిపి క్రెడిట్ నోట్ రాయాలి. 2017 నాటి సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్ ఉన్నది అందుకే. గుడ్‌విల్ అంటే బిల్లు సరైనదే, మీ మొహం చూసి తగ్గించామని అర్థం. క్రెడిట్ నోట్ అంటే బిల్లే తప్పని అర్థం. గుడ్‌విల్‌లో పన్ను వెనక్కి రాదు, తప్పు రికార్డుకెక్కదు, వచ్చే నెల రెండు గంటలకు నాలుగో ప్యాక్ పడ్డా అడిగే ఆధారం ఉండదు.

ఇక నేనే నొక్కానన్న మాట. కావచ్చు అనుకుందాం. ఫోన్ పిల్లల చేతికి వెళ్లి ఉండొచ్చు, ఏదో ప్రకటన మీద వేలు పడి ఉండొచ్చు. అలా జరిగితే దాని జాడ మీ దగ్గరే ఉంటుంది. ప్యాక్ ఏ దారిన యాక్టివేట్ అయింది, యాప్‌లోనా, ఎస్సెమ్మెస్‌తోనా, కాల్ సెంటర్ మనిషి చేతా. ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు. నా అంగీకారం ఏ రూపంలో నమోదైంది. ఆ వెంటనే నాకు ఏ సందేశం పంపారు. ఈ నాలుగూ ఒక కాగితం మీద పెట్టండి, చూసి నేనే తల వంచుకుంటాను. డేటా సేవను వినియోగదారు స్పష్టంగా ఒప్పుకోకుండా మొదలుపెట్టకూడదని ట్రాయ్ 2015లో తన వినియోగదారుల రక్షణ నిబంధనలను సవరించింది. 1925 నంబరుకు START, STOP అని పంపి డేటా తెరవడం, మూయడం అప్పటిదే. ప్యాక్‌లో సగం, తొంభై శాతం, మొత్తం అయిపోయినప్పుడల్లా కబురు చెప్పాలన్నదీ అప్పటిదే. నాకు సగం అయిపోయిందన్న కబురు వచ్చింది. తొంభై, నూరు శాతాల కబుర్లు రాలేదు, రావాల్సిన పనీ లేదు, నేను అంతదూరం పోలేదు కాబట్టి. మీ ఎస్సెమ్మెస్‌లే నా తరఫు సాక్షులు.

మీ తరఫున న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. డేటా సెషన్ తెగే వేళను బట్టి వాడకం ఒక్కోసారి తర్వాతి బిల్లు నెలలోకి జారుతుంది. యాప్‌కూ బిల్లుకూ ఒకటి రెండు జీబీల తేడా వస్తే నేను పోట్లాడను. కానీ జారితే వాడకం జారుతుంది. సున్నా ఎక్కడికీ జారదు.

ఇప్పుడు తమరి అస్తిత్వం సంగతి. నా ఫిర్యాదు తేలనప్పుడల్లా మీ కాల్ సెంటర్ తమరి పేరే జపించింది: నోడల్ ఆఫీసర్ గారికి పంపాం, నోడల్ ఆఫీసర్ గారి దగ్గర ఉంది, నోడల్ ఆఫీసర్ గారు చూస్తారు. భక్తితో తమరి వివరాలు వెతికాను. 2007 నాటి ట్రాయ్ నిబంధనల్లో తమరు నిజంగానే ఉన్నారు. కాల్ సెంటర్, ఆ పైన నోడల్ ఆఫీసర్, ఆ పైన అప్పిలేట్ అథారిటీ, ఇలా మూడు మెట్లు. 2012 జనవరిలో కొత్త ఫిర్యాదుల నిబంధనలు వచ్చి మధ్య మెట్టును తీసేశాయి. అప్పటి నుంచి ఉన్నవి రెండే: ఫిర్యాదుల కేంద్రం, అప్పిలేట్ అథారిటీ. అంటే నా దరఖాస్తు తీసేసిన మెట్టు మీద ఇన్నాళ్లు తమరి కోసం కూర్చుంది. కంపెనీ తన సౌలభ్యానికి ఎవరినైనా నోడల్ ఆఫీసర్ అని పిలుచుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. ఆయన దగ్గర ఫైలు ఉన్నంతకాలం నా గడువు గడియారం ఆగదు, అదీ అభ్యంతరం.

ఆ గడియారం ఎలా తిరుగుతుందో తమరికి తెలియకపోవచ్చు కనుక చెబుతాను; ఈ లేఖ చదివే మా తెలుగువాళ్లకూ పనికొస్తుంది. ఫిర్యాదు ఇవ్వగానే డాకెట్ నంబరు ఇవ్వాలి, ఎస్సెమ్మెస్‌లో పంపాలి. అది లేని ఫిర్యాదు గాలిలో చెప్పిన మాట. బిల్లు తగాదా ఆరు వారాలు దాటకూడదు. తప్పు తేలిన వారం లోపు సొమ్ము ఖాతాలో పడాలి. తేలకపోయినా, తేల్చిన తీరు నచ్చకపోయినా ముప్పై రోజుల్లో అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. రుసుము లేదు. అప్పీలును ఇద్దరు సభ్యుల సలహా సంఘం చూస్తుంది, అందులో ఒకరు వినియోగదారుల సంస్థ తరఫు మనిషి. 39 రోజుల్లో తేల్చాలి. లింబాయత్‌లో ఇంకా కరీంనగర్, వరంగల్ సిమ్‌లే వాడుతున్న మా పద్మశాలి బంధువులు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఉండేది సూరత్ అయినా, ఆ నంబరు అప్పీలు వెళ్లేది ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు. తెలంగాణ కూడా ఆ సర్కిల్‌లోదే. నాది గుజరాత్ నంబరు.

అప్పీలు తర్వాత? ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు వినదు. వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ కూడా మీలాంటి కంపెనీలు చాలాకాలం ఒక పాత తలుపు అడ్డం పెట్టాయి: 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 7బీ సెక్షన్ ప్రకారం టెలిఫోన్ బిల్లు తగాదా మధ్యవర్తి దగ్గరే తేలాలని, వినియోగదారుల కోర్టుకు వినే అధికారం లేదని. 2009లో సుప్రీంకోర్టు తీర్పొకటి ఆ మాటకు బలమిచ్చింది. ఆ తలుపు తీయించిన కేసు మా గుజరాత్‌దే. అహ్మదాబాద్‌లో ఒక పోస్ట్‌పెయిడ్ వినియోగదారుకు నెల అద్దె రూ. 249, సగటు బిల్లు రూ. 555. 2013 నవంబరు 8 నుంచి డిసెంబరు 7 వరకు వచ్చిన బిల్లు రూ. 24,609.51. ఆయన 2014 మేలో అహ్మదాబాద్ జిల్లా ఫోరంలో ఫిర్యాదు వేశారు. ఫోరంకు అధికారం లేదని ఇప్పటి వొడాఫోన్ ఐడియా కంపెనీ వాదించింది. జిల్లాలో ఓడింది, రాష్ట్ర కమిషన్‌లో ఓడింది, జాతీయ కమిషన్‌లో ఓడింది, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 ఫిబ్రవరి 16న జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం అక్కడా కాదంది. టెలికాం సేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది, మధ్యవర్తి దారి ఉన్నంత మాత్రాన కమిషన్ దారి మూసుకుపోదని చెప్పింది.

గమనించండి, ఆ బిల్లు తప్పా ఒప్పా అన్నది అప్పటికీ తేలలేదు. తేలింది అడగవచ్చా అన్నదే. అది తేలడానికే దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది. ఆ మనిషి ఓపికకు సూరత్ నుంచి ఒక దండం. ఆయన వల్ల నాకు ఎనిమిదేళ్లు మిగిలాయి. 2019 చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే, సూరత్ జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే దాఖలు రుసుము లేదు. రెండేళ్ల గడువుంది. వకీలు అక్కర్లేదు, రాత నాకు అలవాటే.

మూడు వందల యాభై నాలుగు రూపాయలకు ఇంత రాతా అని తమరికి అనిపించవచ్చు. మా సేఠ్ కూడా అదే అన్నాడు, ఆ తర్వాత తన బిల్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులోనూ రెండు ప్యాక్‌లున్నాయి.

కాబట్టి నా విన్నపం ఇది. మూడు ప్యాక్‌లకూ నా అంగీకారం నమోదైన రికార్డు పంపండి. అది లేకపోతే పన్నుతో సహా రూ. 354కు క్రెడిట్ నోట్ రాసి, సొమ్ము ఖాతాకు జమచేయండి. నేను అడక్కుండానే మీరు వేసిన నూట యాభై గుడ్‌విల్‌ను అందులోంచి వెనక్కి తీసుకోండి, అది నాది కాదు. మూసేసిన డాకెట్‌ను తెరవండి. ఈ లేఖ నకలు గుజరాత్ సర్కిల్ అప్పిలేట్ అథారిటీకి అప్పీలుతో జతచేసి ఈరోజే పంపాను. వారు మాత్రం నిబంధనల్లో ఉన్నారు.

ఇట్లు,
తమ ఖాతాదారు,
లింబాయత్, సూరత్.