మెమోగారు

మా హెచ్చార్ మేనేజరుగారికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. క్యాబిన్ తలుపుకి కొట్టిన ఇత్తడి పలక మీద తప్ప అది ఇంకెక్కడా వాడుకలో లేదు. బాలానగర్‌లో మా పంపుల కంపెనీలో వాచ్‌మన్ మొదలు డైరెక్టరుగారి దాకా అందరికీ ఆయన మెమోగారే. క్యాంటీన్ సాంబారులో ములక్కాడలు తగ్గాయని ఎవరైనా గొణిగితే, తెల్లారేసరికి నోటీసు బోర్డు మీద ములక్కాడల గురించి మెమో ఉంటుంది. మనిషిని ఎదురుగా నిలబెట్టి ఓ మాట అనడం మాత్రం ఆయన వల్ల కాదు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి "ఏమయ్యా, టిఫిన్ అయిందా?" అని నవ్వుతూ పలకరిస్తారు. వాడు సీటు చేరేలోపు వాడి మెయిల్లో మెమో పడుతుంది.

ఆయన్ని బెదరగొట్టింది ఆస్ట్రేలియా వార్త. అక్కడి ప్రభుత్వం దాదాపు 4,40,000 ఆస్ట్రేలియన్ డాలర్లిచ్చి డెలాయిట్ చేత ఒక రిపోర్టు రాయించుకుంది. అందులో అసలు ఉనికిలోనే లేని పరిశోధన పత్రాలూ, ఫెడరల్ కోర్టు తీర్పులో ఎవరూ అనని మాటలూ బయటపడ్డాయి. 2025 అక్టోబరులో ఆ కంపెనీ ఆఖరి వాయిదా సొమ్ము వెనక్కివ్వడానికి ఒప్పుకుంది. దిద్దిన రిపోర్టులో మాత్రం ఏఐ వాడిన సంగతి చెప్పింది, మొదటిదాంట్లో ఆ ఊసే లేదు. మెమోగారు ఆ వార్తను కత్తిరించి టేబుల్ అద్దం కింద, తిరుపతి వెంకన్న పక్కన పెట్టుకున్నారు. సాయంత్రానికి మెమో వచ్చేసింది.

రిపోర్టుల్లో యంత్రం రాసిన భాగం ఉంటే ఉద్యోగులు వెల్లడించాలని దాని సారాంశం. అంతవరకు బాగానే ఉంది. నాలుగో క్లాజులో "ఏఐ టూల్ మూడుసార్లు మోగేలోపు ఎత్తవలెను" అని ఉంది. ఆరో క్లాజులో "ఏఐ టూల్ తాళము సూపర్‌వైజరు వద్ద ఉండవలెను" అనీ, ఎనిమిదిలో "ఏఐ టూల్ వాడిన వెంటనే రిసెప్షన్ రిజిస్టరులో నమోదు చేయవలెను" అనీ ఉన్నాయి. ఎస్టీడీల కాలంలో తాను రాసిన టెలిఫోన్ మెమోను తీసి, "టెలిఫోన్" ఉన్న చోటల్లా "ఏఐ టూల్" అని ఒక్క దెబ్బకి మార్చేశారన్న మాట. ఇది మాత్రం ఎవరు రాసినట్టు సార్ అని అడిగితే, "నాదే కదయ్యా, నా పాత మెమోయే" అన్నారు నిబ్బరంగా.

మెమోకి ఒక ఫారం జతచేశారు. అందులో అడిగింది ఒక్కటే: యంత్రం రాసింది ఎంత శాతం? కింద "తప్పుడు సమాచారమునకు క్రమశిక్షణ చర్య" అని బోల్డ్ అక్షరాలు. ఆ వరుస చూశాక ఏ తెలివైనవాడు నిజం రాస్తాడు? మొదటి నెల ఫారాలు ఒక్కటి తప్ప అన్నీ "నిల్". సున్నాలను చూసి మెమోగారు సంతోషించలేదు, అనుమానించారు. యంత్రపు రాతను పట్టుకునే యంత్రం ఒకటి నెట్‌లో ఊరికే దొరుకుతోందని ఆయన మేనల్లుడు చెప్పాడట. రిపోర్టులన్నీ అందులో వేశారు.

దొరికింది ఎవరనుకున్నారు? స్టోర్స్ పెద్దాయన. తొంభై ఒక్క శాతం యంత్రమట! ఆ మనిషి దగ్గర స్మార్ట్ ఫోనే లేదు. "విత్ రిఫరెన్స్ టు ద సబ్జెక్ట్ సైటెడ్ అబవ్" అంటూ ముప్ఫై ఏళ్లుగా ఒకే ఇంగ్లీషు రాస్తున్నాడు. ఈ పట్టుడు యంత్రాలు చూసేది ఆ ఇంగ్లీషునే. ఒక మాట తర్వాత వచ్చే మాటను ఎంత తేలిగ్గా ఊహించొచ్చన్నది వాటికి పెద్ద ఆధారం. ఆఫీసు ఇంగ్లీషులో ఊహించలేనిది ఏముంటుంది కనక? చాట్‌జీపీటీని చేసిన ఓపెన్ఏఐ సంస్థే ఇలాంటి యంత్రం ఒకటి పెట్టింది. వాళ్ల పరీక్షలోనే యంత్రపు రాతల్లో నూటికి 26 మాత్రమే గట్టిగా పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో నూటికి 9 యంత్రం ఖాతాలో వేసింది. గురి సరిగా లేదని 2023 జూలైలో వాళ్లే ఎత్తేశారు. ఇదంతా అకౌంట్స్ తరఫున నేను చెబితే మెమోగారు శ్రద్ధగా విని, పెద్దాయనకు క్షమాపణ చెప్పారు. మెమో రూపంలోనే.

అసలు దొంగ వేరే చోట ఉన్నాడు. దొంగ అనకూడదు, పాపం కుర్రాడు. సర్వీసు ఇంజినీరు. ఒక చక్కెర ఫ్యాక్టరీలో మా పంపు సీలు కారుతుంటే చూడడానికి వెళ్లాడు. జేబు పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకున్నాడు: సీలు మార్చాం, బేరింగు వేడిగా ఉంది, కప్లింగు ఊడదీశాం, అలైన్‌మెంట్ చూడాలి. రాత్రి లాడ్జిలో వాటిని చాట్‌జీపీటీకిచ్చి రిపోర్టు చేయమన్నాడు. ముచ్చటైన రిపోర్టు వచ్చింది. అందులో "చూడాలి" అన్నది "చూశాం" అయిపోయింది. డయల్ ఇండికేటరుతో చూస్తే తేడా 0.05 మిల్లీమీటర్లకు లోపే ఉందని అంకె కూడా చేర్చింది.

మూడో రోజు ఆ ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ ఫోర్‌మన్ నుంచి ఫోను. "ఏం బాబూ, మీ కప్లింగు ముక్క నా బల్ల మీద ఉంది. అలైన్‌మెంట్ ఎప్పుడు తీశారు? గడియారంలో పన్నెండూ మూడూ ఆరూ తొమ్మిదీ ఉన్న చోట్ల తీసిన నాలుగు రీడింగులు ఏవీ?" రీడింగు కాగితం లేదు, అంకె మాత్రం ఉంది. రిపోర్టుల్లో నాకు తెలిసిన గట్టి గుర్తు ఇదే: వెనక కాగితం లేని అంకె.

అంతకన్నా చిత్రమేమిటంటే, ఆ నెల యంత్రం వాడానని నిజం రాసిన ఏకైక ఉద్యోగి ఆ కుర్రాడే. ఫారంలో "20%" అని పెట్టాడు. మిగతా పంతొమ్మిది శాతం ఒట్టి వ్యాకరణం. కొంప ముంచింది ఒక్క వాక్యం, దానికి శాతాల లెక్కలో చోటెక్కడుంది?

మెమోగారు రెండు రోజులు క్యాబిన్ వదల్లేదు. ఈలోగా రిసెప్షన్ అమ్మాయి ఒక పని చేసింది. ఎనిమిదో క్లాజును అక్షరాలా నమ్మి పాత ఎస్టీడీ రిజిస్టరు దుమ్ము దులిపి కౌంటరు మీద పెట్టింది. ఎవరికి చేశారు, ఎందుకు, ఎంతసేపు, ఎవరు సరిచూశారు, సంతకం. అవే పాత గడులు. కుర్రాళ్లు మొదట నవ్వుకుంటూ నింపారు. "చాట్‌జీపీటీకి, విజిట్ రిపోర్టు భాష కోసం, పది నిమిషాలు, అంకెలు ఫోర్‌మన్ రీడింగు కాగితంతో సరిచూశాను." దాన్ని చదువుతుంటే నాకు నవ్వు రాలేదు. ఫారం అడగాల్సిందంతా అందులో ఉంది. అది చూశాక మెమోగారు ఫారం రద్దు చేశారు. క్రమశిక్షణ చర్య వరుస కూడా పోయింది. ఆ మర్నాటి నుంచి రిజిస్టరు పేజీలు చకచకా నిండాయి.

మొన్న మార్చి నెలాఖరున, జీతాల ఫైలు పట్టుకుని వెళ్తూ రిజిస్టరు తిరగేశాను. చివరి ఎంట్రీ మెమోగారి చేతిరాతే. "చాట్‌జీపీటీకి. ఉద్యోగుల వార్షిక అప్రైజల్ రిమార్కులు, 62 మందివి. పదకొండు నిమిషాలు." ఎంతైనా ఆయన నిజాయితీకి దణ్ణం పెట్టాలి.

ఆ అరవై రెండులో నాదీ ఒకటి. "సంక్షోభ సమయాల్లో సహజ నాయకత్వం కనబరిచారు" అని ఉంది. మా ఆవిడ దాన్ని లామినేషన్ చేయించి దేవుడి గూట్లో పెట్టింది.

నేనలా చూస్తుండగానే ఆయన బ్యాగు తగిలించుకుని బయటికి వస్తున్నారు. రిసెప్షన్ అమ్మాయి పెన్ను అందిస్తూ లేచి నిలబడింది.

"సార్, 'ఎవరు సరిచూశారు' గడి ఖాళీగా వదిలేశారు."