సంతకం నాది, మొదటి స్లైడు మీది

గౌరవనీయులైన సభ కార్యదర్శి గారికి,

త్యాగరాయనగర్ నుంచి మీ పాత సభ్యుడు చేసుకునే విన్నపం. గురువారం రాత్రి తొమ్మిదింపావుకి తమరు వాట్సాప్‌లో పంపిన హామీపత్రం అందింది. శనివారం సాయంత్రం నా ప్రసంగం, విషయం వడపళనిలో తెలుగు సినిమా, టికెట్టు 300 రూపాయలు. "స్లైడ్లలోని బొమ్మలూ ఫాంట్లూ సమస్తం నా సొంతం, ఏ చిక్కు వచ్చినా బాధ్యత నాదే" అని సంతకం చేసి తెల్లారేసరికి పంపమన్నారు. తమ ముందుచూపుకి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

నమస్కారం అయిపోయింది కాబట్టి ఇక అడుగుతాను. ఆ పత్రం రాసినవాళ్లు, మీరే పంపి "ఇది పెట్టి తీరాలి" అన్న మొదటి స్లైడుని ఒక్కసారైనా తెరిచి చూశారా?

నేను చూశాను. ఎడమవైపు బాపు బొమ్మ. వాలుజడ, పక్కకి చూసే పెద్ద కళ్లు. కుడివైపు మెలికలు తిరిగిన అక్షరాల్లో సభ పేరు. ఈ రెంటిలో ఒక్కటీ నాది కాదు, మీదీ కాదు. కానీ సంతకం మాత్రం నాది!

బొమ్మ సంగతి ముందు చూద్దాం. బాపు గారు ఈ ఊళ్లోనే బతికి, 2014 ఆగస్టు 31న ఈ ఊళ్లోనే పోయారు. మన చట్టం ప్రకారం చిత్రకారుడి బొమ్మ మీద హక్కు ఆయన పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు ఉంటుంది. లెక్క వేస్తే 2074 డిసెంబరు 31. అంతవరకూ ఆ బొమ్మ కావాలంటే హక్కుదారుల్ని అడగాలి. ఈ మాట ఫోన్లో చెబితే తమరు "ఇంటర్నెట్లో ఉందిగా మాస్టారూ" అన్నారు. మెరీనా దగ్గర రోడ్డు పక్కన పెట్టిన బండి కూడా అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, తాళం తీసి తోలుకుపోతామా?

"మరి మీ ముప్ఫై ఒకటో స్లైడులో కూడా బాపు బొమ్మే ఉందిగా" అని పట్టుకున్నారు. ఉంది. అక్కడ ఆ బొమ్మ గురించే ఐదు నిమిషాలు మాట్లాడతాను. మనిషిని ఓ మూలకి నిలబెట్టి మిగతా కాగితం ఖాళీగా ఎందుకు వదిలేస్తారు, అదే అలవాటు ఆయన సినిమా ఫ్రేములోకి ఎలా వచ్చింది అని. ఒక రచనని విమర్శకో సమీక్షకో న్యాయంగా వాడుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో చోటుంది. కింద ఆయన పేరు వేశాను. రేపు ఎవరైనా అడిగితే నిలబడి వాదించుకోగలను. మీ మొదటి స్లైడులో ఆ బొమ్మ తోరణంలా వేలాడుతోంది. దాని గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు. అక్కడ నేనేం వాదించను?

ఇక ఫాంటు. మీ కుర్రాడు దాన్ని జిప్ ఫైలుగా పంపాడు. అందులోనే నాలుగు లైన్ల టెక్స్ట్ ఫైలుంది. మొదటి లైను `Free for personal use`. అంటే ఇంట్లో పిల్లాడి పుట్టినరోజు కార్డుకి వాడుకోవచ్చు. 300 రూపాయల టికెట్టు పెట్టిన సభకి డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. టెక్స్ట్ ఫైలు పోయినా ఫాంటు దగ్గరే ఆనవాళ్లుంటాయి. విండోస్‌లో ఫాంట్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి `Properties`, ఆపైన `Details` చూస్తే హక్కు ఎవరిదో ఉంటుంది. ఫాంట్ల ఫోల్డరులో `Font embeddability` అనే వరుసలో దాన్ని ఫైల్లో పొదగనిస్తారో లేదో కూడా ఉంటుంది. మీ ఫాంటుకి అక్కడ `Restricted` అనుంది. అందుకే పవర్‌పాయింట్ దాన్ని ఫైల్లో దాచుకోలేదు. అందుకే పోయినేడాది మీ హాలు ల్యాప్‌టాప్‌లో ఒత్తులన్నీ ఊడిపోయి, సభ పేరు మీరే చదువుకోలేకపోయారు. ఆ రోజు ప్రొజెక్టరుని తిట్టారు. పాపం దాని తప్పేం లేదు. (మైకు తప్పు మాత్రం ఉంది. అది ఇప్పటికీ కీచుమంటూనే ఉంది.)

నా స్లైడ్లలో నేను రామభద్ర, మండలి ఫాంట్లు వాడాను. సిలికానాంధ్ర వారు తెలుగుకిచ్చిన ఫాంట్లలోవి, ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. టికెట్టు పెట్టిన సభలో వాడొచ్చు, ఫైల్లో పొదగొచ్చు. ఒట్టి ఫాంటుని మాత్రం అమ్ముకోకూడదు, అంతే. `Embed fonts in the file` అని టిక్కు పెడితే ఏ ల్యాప్‌టాప్‌లోనైనా ఒత్తు ఒత్తులాగే ఉంటుంది. మీరేమో "కాస్త కళ తగ్గిందండీ" అన్నారు.

నా మిగతా 41 స్లైడ్లకి రెండు వారాలు పట్టింది. ఉదాహరణకి "గుండమ్మ కథ". 1962లో వచ్చిన సినిమా, సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 2022తో తీరిపోయింది కాబట్టి సినిమాలోని ఫ్రేము తీసుకున్నాను. సెట్లో స్టిల్ ఫొటోగ్రాఫరు విడిగా తీసిన ఫొటో ఇంకా అందంగా ఉంది, కానీ వదిలేశాను. 2012 సవరణ నుంచి ఫొటోకి కూడా తీసినవాడి జీవితం మీద 60 ఏళ్ల లెక్కే. ఆయనెవరో, ఎప్పుడు పోయారో నాకు తేలలేదు. ఇంకో స్లైడుకి వడపళని వీధి ఫొటో గూగుల్లో దొరికింది. అక్కడ ఆగకుండా రివర్స్ సెర్చ్ చేసి అసలు పేజీకి వెళితే లైసెన్సులో `NC` అనుంది. డబ్బు వసూలు చేసే చోట పనికిరాదు. తీసినాయనకి మెయిలు పెట్టాను. "హాల్లో చూపించుకోండి, పేరు వేయండి" అని ఆ సాయంత్రమే జవాబిచ్చారు.

ఆ జవాబులో "హాల్లో" అన్న మాట గమనించారా? మీరు ప్రసంగాన్ని వీడియో తీసి, ప్రకటనలు తగిలించి, ఛానెల్లో పెడతారట. ఆ సంగతి నాకు కరపత్రం చూస్తే తెలిసింది. మూడు నెలల కిందట చెప్పి ఉంటే ఆ మెయిల్లోనే దానికీ అడిగేవాణ్ణి. ఇప్పుడు మళ్లీ ఆయన ముందు చెయ్యి చాపాలి.

కార్యదర్శి గారూ, కోపం కాస్త పక్కన పెట్టి బతిమాలుకుంటున్నాను. హామీపత్రం వద్దనను. అది ఒక నెల ముందు పంపండి. టికెట్టు ఉందా, వీడియో తీస్తారా, అది ఎక్కడ పెడతారు అన్న మూడు సంగతులూ అందులోనే రాయండి. "సమస్తం నా సొంతం" అన్న అబద్ధం కొట్టేసి, స్లైడు నంబరు, బొమ్మ ఎవరిది, ఎక్కడిది, ఏ లైసెన్సు అని నాలుగు గళ్లు గీయండి. నింపి సంతోషంగా సంతకం చేస్తాను. మొదటి గడి మాత్రం మీరే నింపాలి, ఆ స్లైడు మీది కాబట్టి.

రెండో స్లైడు నుంచి నలభై రెండో స్లైడు దాకా నా సంతకం ఈ లేఖతో జతచేశాను. శనివారం ఐదున్నరకి హాల్లో ఉంటాను. ఆలోపు బాపు గారి బొమ్మకి అనుమతి తెస్తే పెడదాం. తేలేకపోతే తెల్లటి స్లైడు మీద రామభద్రలో సభ పేరు వేసి మొదలుపెడతాను.

ఇట్లు,
మీ సభ్యుడు