గుమాస్తాను దారిలో పెట్టే మెసేజ్

ముప్పై సాంచాలు నడిపినవాణ్ని. పని జారిన మనిషికి ఎట్లా రాయాలో సిరిసిల్లలో నన్నడగండి.

మా గుమాస్తాది కోరుట్ల. ఎవరెన్ని మీటర్లు నేశారో బుక్కులో ఎక్కించి శుక్రవారం రాత్రికి మొత్తాలు వేస్తేనే శనివారం కూలి పంచగలం. వాళ్ల బాపుకు కిడ్నీలు చెడిపోయి మంగళ, శుక్రవారాలు జగిత్యాలలో డయాలసిస్. పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ మీదే. రానూపోనూ బస్సులు వేరే. అన్న దుబాయిలో. రెండు వారాలు కూలి సోమవారానికి జారింది.

మొదటి సూత్రం: తేదీలు రాయొద్దు. ఏ శుక్రవారం ఏం తప్పిందో రాస్తే దిద్దుకుంటాడు. ‘నీ మనసు పని మీద లేదు’ అని రాయండి. దాన్ని ఏ పేజీలో దిద్దాలో తెలియక ఎప్పటికీ భయంతో ఉంటాడు.

రెండోది: ఓదార్పు, బెదిరింపు ఒకే వాక్యంలో కలపాలి. ‘బాపును చూసుకో, లెక్కలదేముంది, కానీ ఇట్లయితే కష్టం’ అన్నాను. అతను ముందు సగం నమ్మి జగిత్యాల పోయాడు. నేను వెనక సగం నమ్మి కూర్చున్నాను.

మూడోది: రాత్రి పదకొండున్నరకు, గ్రూపులో. కిడ్నీల సంగతి అప్పటిదాకా నాకొక్కడికే తెలుసు. తెల్లారి చాయ్ హోటల్ కాడ అందరూ అతన్నే అడిగారు. ఫోన్ బంద్ పెట్టి, పక్క షెడ్డు ఆసామి దగ్గర చేరాడు.

అక్కడా రెండు శుక్రవారాలు తప్పాయట. ఆ ఆసామి అతనికొక్కడికే పంపిన మెసేజ్ నాకు చూపించాడు. ఎంత చప్పగా ఉందో చూడండి:

‘తమ్మీ, 7న, 21న బుక్కు పూర్తికాలేదు, కూలి సోమవారం ఇచ్చినం. బాపు సంగతి నువ్వు చెప్పినంతే చాలు, ఎవరికీ చెప్పను. శనివారం కూలి మాత్రం ఆగొద్దు. మంగళ, శుక్రవారాలు పగలు రాకు. శుక్రవారం మీటర్ల కాగితం మేస్త్రీ ఫోటో తీసి పంపుతడు, రాత్రి తొమ్మిదిలోపు మొత్తాలు వేసి పంపు. కుదరదనిపిస్తే గురువారమే చెప్పు, ఆ వారం నేనే వేస్త. నాలుగు వారాలు చూద్దాం. అప్పటికీ కాకపోతే బుక్కు ఇంకొకరికిచ్చి, నీకు నూలు లెక్క ఇస్త, జీతం అదే. ఇందులో నీకు కానిది ఉంటే రేపు పొద్దున చెప్పు.’

ఒక్క తిట్టు లేదు. పైగా కుదరకపోతే ముందే చెప్పమంటాడా? నేర్పి మరీ తప్పించుకోనిచ్చినట్టే కదా! మొదటి నెలలో ఒక్క గురువారం ఫోన్ వచ్చిందట, ఆ వారం ఆయనే కూర్చొని మొత్తాలు వేసుకున్నాడు. ఆసామి అయ్యుండి!

నా బుక్కు ఇప్పుడు నేనే రాసుకుంటున్నా. ఈసారి కూలి మంగళవారం ఇచ్చాను. ఎందుకు ఆలస్యమని అడిగినవాళ్లందరికీ మనసు పని మీద లేదని గ్రూపులో పెట్టాను.