ఏ సంక్రాంతికి, బాబూ?

యాప్‌లో జత కుదిరింది. అబ్బాయి డాలస్, అమ్మాయి హైదరాబాద్. ఇక్కడ పొద్దున్న 7 గంటలు, అక్కడ ముందురోజు రాత్రి 8.30. ఈవిడ కాఫీ, ఆయన పప్పన్నం, వీడియోలో రోజూ అరగంట ముచ్చట్లు. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారం గంట వెనక్కి జరిగింది. అమ్మాయి అలవాటుగా ఏడింటికే ఫోన్ చేస్తే అక్కడ ఇంకా 7.30, బాబు జిమ్‌లో. ‘మారిపోయావ్!’ అని అలక. మారింది గడియారం తల్లీ, మార్చి రెండో ఆదివారం దాకా ఎనిమిదింటికి చెయ్యి.

ఇక కలవడం. ‘సంక్రాంతికి వస్తా’ అంటాడు, ఏ సంక్రాంతో చెప్పడు. పాస్‌పోర్టులో హెచ్-1బి ముద్ర గడువు తీరిపోయింది. ఇక్కడికొస్తే కాన్సులేట్‌లో కొత్త ముద్ర పడేదాకా తిరిగి వెళ్లలేడు. ఆ భయం పైకి చెప్పకుండా ప్రాజెక్టు మీదికి నెట్టేస్తాడు (ప్రాజెక్టుకి నోరు లేదుగా!).

అమ్మాయీ, గుడ్‌మార్నింగ్ గులాబీలు పంపింది చాలు. రేపు ఫోన్‌లో రెండే అడుగు: స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ ఎప్పుడు, టికెట్ ఏ తేదీకి? రెండింటికీ నీళ్లు నమిలితే, అలారం తీసేసి హాయిగా పడుకో.