మర్చి. పో. లేదు.

ఆగస్టు 29 మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజును ఈసారి కూడా తెలుగు జనం బొటనవేలితోనే జరుపుకున్నారు. నల్లటి చదరం, అందులో తెల్లటి మాట ఒకటి. పక్కకి నెడితే ఇంకో చదరం, ఇంకో మాట. వాక్యం పూర్తయ్యేసరికి చదివేవాడి కళ్లు చెమర్చాలి. చెమర్చకపోతే తప్పు చదివేవాడిదే, లయ పట్టుకోలేకపోయాడన్నమాట. మాట్లాడినట్టే రాయండయ్యా అని జీవితమంతా పోట్లాడిన మనిషికి, లోకంలో ఏ ఒక్కరూ మాట్లాడని పద్ధతిలో నివాళి!

ఈ జాతి ఇన్‌స్టాగ్రామ్ కారోసెల్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. మొదటి స్లయిడ్‌లో ‘అమ్మ’. రెండోదాంట్లో ‘భాషను’. మూడోదాంట్లో ‘మేము’. నాలుగోది ఖాళీ. అయిదులో ‘ఏనాడూ’. ఆరు మళ్లీ ఖాళీ. ఏడు ‘మర్చి’, ఎనిమిది ‘పో’, తొమ్మిది ‘లేదు’. పదోది పేజీ పేరు, కింద ‘ఫాలో అవ్వండి’. అయిదు మాటల వాక్యానికి పది స్లయిడ్లు. ఇంగ్లీషు వాక్యాన్ని ఇలా ముక్కలు చేయడం సులువు, అక్కడ చిన్న చిన్న మాటలు విడివిడిగా నిలబడతాయి. తెలుగు క్రియలో ఎవరు, ఎప్పుడు, అవునా కాదా అన్నీ ఒకేచోట అతుక్కుని ఉంటాయి. ‘మర్చిపోలేదు’ అన్నది ఒక్క దెబ్బ. దాన్ని మూడు స్లయిడ్లకి సాగదీయాలని కోసేస్తే ఎనిమిదో స్లయిడ్ మీద నిలువెత్తు అక్షరంలో ‘పో’ అని మిగులుతుంది. అంత స్పష్టంగా పొమ్మన్నాక పాఠకుడు పోవడంలో ఆశ్చర్యం ఏముంది?

అసలు ఈ డిజైనర్లకి ఒక భ్రమ ఉంది. సమయం తమ చేతిలో ఉందని. సినిమా ఎడిటర్‌కి ఉంటుంది ఆ అధికారం. ఈ షాట్ మూడు సెకన్లు అంటే హాల్లో ఉన్న వెయ్యిమందికీ మూడు సెకన్లే. 2000ల మొదట్లో జపాన్ ప్రోగ్రామర్ మసయోషి తకహాషి స్లయిడ్‌కి ఒకటి రెండు పెద్ద మాటలు మాత్రమే పెట్టి ప్రసంగించే పద్ధతి తెచ్చాడు. అదీ నడిచింది, ఎందుకంటే పక్కనే మనిషి నిలబడి మాట్లాడుతున్నాడు, స్లయిడ్ మార్చేది అతనే. కారోసెల్‌లో అలా కాదు. సమయం చదివేవాడి బొటనవేలిలో ఉంది, ఆ వేలికి వేరే పనులున్నాయి.

తెరలేని రోజుల్లోనే ఈ లెక్క సరిగ్గా వేసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో బర్మా-షేవ్ అనే షేవింగ్ క్రీమ్ కంపెనీ 1925లో మిన్నెసోటా రోడ్ల పక్కన చిన్న చిన్న చెక్క బోర్డులు వరసగా పాతడం మొదలుపెట్టింది. ఒక్కో బోర్డు మీద రెండు మూడు మాటలు, అన్నీ కలిపితే చిన్న సరదా పద్యం, చివరి బోర్డు మీద కంపెనీ పేరు. గంటకి 35 మైళ్లతో పోయే కారుకి బోర్డుకీ బోర్డుకీ నడుమ దాదాపు మూడు సెకన్లు పట్టేది, ఆరు బోర్డులకి 18 సెకన్లు. కారు ఆగదు కాబట్టి లయ ఆగదు. తర్వాత కార్ల వేగం పెరిగింది, చిన్న బోర్డులు కళ్లకి అందడం మానేశాయి, 1963లో ఆ ప్రచారం ముగిసింది. తమిళనాడులో ఊత్తంగరై నుంచి తిరువణ్ణామలై వెళ్లే రోడ్డు మీద బస్సు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అదే మూడు సెకన్ల కోసం యాభై మీటర్లకొక బోర్డు పాతాలి. లయ అంటే అక్కడ కొలతలున్న వస్తువు. ఇన్‌స్టాగ్రామ్‌లో అది కోరిక మాత్రమే.

ఆ కోరికను కూడా యాప్ తీరనివ్వదు. ముగింపు కోసం ఊపిరి బిగబట్టమని డిజైనర్ అంటుంటే, పైన మూలన 1/10 అని అంకె కనిపిస్తుంటుంది, కింద చుక్కలు వరస కట్టి ఉంటాయి. ఇంకెంత మిగిలిందో ముందే తెలిశాక ఉత్కంఠ ఎక్కడిది? అది చాలదన్నట్టు, మొదటి స్లయిడ్ చూసి నెట్టకుండా దాటిపోయినవాడికి అదే పోస్టును రెండో స్లయిడ్ నుంచి మళ్లీ చూపించే అలవాటు ఇన్‌స్టాగ్రామ్‌కి ఉంది. ఫొటోలకి అది మేలే. ఇక్కడ మాత్రం పొద్దున్నే ఫోన్ తెరిచినవాడికి ‘భాషను’ అని ఒక్క మాట ఎదురవుతుంది. ఎవరి భాషను? ఏం చేయాలి దాన్ని?

ఇక ఖాళీ స్లయిడ్. దీని గురించి ఎంత చెప్పినా కడుపుమంట తీరదు.

ఖాళీ స్లయిడ్ మౌనమట. గాయకుడు పల్లవికీ చరణానికీ మధ్య ఆగినట్టట. సరే, గాయకుడు ఆగినప్పుడు తాళం ఆగదు. ఆ తాళమే వినేవాడిని పట్టుకుని కూర్చోబెడుతుంది. కారోసెల్‌లో మొదటి మూడు స్లయిడ్లలో తాళమే పడలేదు. ‘అమ్మ’ పైమూలన ఉంది, ‘భాషను’ అడుగున ఉంది, ‘మేము’ రెండింతలు పెద్దగా అడ్డంగా పడుకుంది. వేలు ఇంకా నడక నేర్చుకోకముందే మౌనం వచ్చిపడింది.

ఊత్తంగరై బస్టాండులో సేలం బస్సు కోసం నిలబడిన ఒకాయనకి తమ్ముడి కొడుకు ఇదే చూపిస్తున్నాడు. మూడు స్లయిడ్లు ఆయన ఓపిగ్గానే చూశారు. నాలుగోది వచ్చింది. ఏమీ లేదు. ఆయన ఫోన్‌ని కాస్త ఎత్తి పట్టుకున్నారు, సిగ్నల్ కోసం. ‘నెట్టు పోయిందేమో చూడప్పా’ అన్నారు. ‘లేదు పెద్దనాయనా, అది అట్లే ఉంటుంది’ అన్నాడు పిల్లవాడు. ‘అట్లే ఉండేదాన్ని ఎందుకు పెట్టినారు?’ అన్నారాయన. ఈ ప్రశ్నకి డిజైన్ కోర్సుల్లో జవాబు ఉంటే ఎవరైనా చెప్పాలి.

మౌనానికీ నెట్ పోవడానికీ తేడా కనిపించాలంటే కొన్ని మొరటు నియమాలున్నాయి. ఖాళీకి ముందు కనీసం మూడు నాలుగు స్లయిడ్లలో మాట ఒకే చోట, ఒకే సైజులో, ఒకే రంగు నేల మీద ఉండాలి. అప్పుడే వేలు తనంతట తాను కదులుతుంది, అప్పుడే మాట లేకపోవడం లోటుగా తగులుతుంది. ఖాళీ నేల మీద కూడా ముందు స్లయిడ్లలో ఉన్న గుర్తేదో, చిన్న గీతో చుక్కో, కొనసాగాలి. అది కనబడితే స్లయిడ్ వచ్చిందని తెలుస్తుంది. అలాంటి ఖాళీ ఒక్కటే ఉండాలి. రెండోది వచ్చిందంటే మొదటిదాని విలువ కూడా పోతుంది. మన కారోసెల్‌లో రెండున్నాయి. ఒకటి నలుపు, ఇంకొకటి తెలుపు.

2017 ఫిబ్రవరిలో కారోసెల్ వచ్చినప్పుడు పది స్లయిడ్ల దగ్గర ఆపేవారు. 2024 ఆగస్టులో ఆ హద్దును ఇరవైకి పెంచారు. పెరిగిన పదిలో మాటలెన్ని, మౌనాలెన్ని అన్నది వేరే చెప్పాలా?

పైగా మన ఊళ్లలో ఇది ఇన్‌స్టాగ్రామ్‌లో ఎంతమంది చూస్తారు? స్క్రీన్‌షాట్లుగా మారి బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. అక్కడ బొమ్మలన్నీ ఒకేసారి వస్తే నాలుగు గళ్ల పెట్టెలా పేర్చేస్తుంది. అమ్మ, భాషను, మేము, ఆ పక్కన ఖాళీ గడి. ఆ ఖాళీ మీద ప్లస్ గుర్తు, ఒక అంకె. ఇన్నాళ్లకి ఖాళీ స్లయిడ్‌కి కూడా ఒక ఉపయోగం దొరికింది.

ఇలా ముక్కలు ఏరుకుని వాక్యం కూర్చే పని అవధానంలోనూ ఉంది, వ్యస్తాక్షరి అని ఒక అంశం. పృచ్ఛకుడు ఒక వాక్యాన్ని అక్షరాలుగా విడగొట్టి, వరస తప్పించి, సంఖ్యతో సహా ఒక్కొక్కటే మధ్యమధ్యలో అందిస్తాడు. అవధాని అన్నీ గుర్తుంచుకుని చివర్లో వాక్యం చెబుతాడు. దానికి శాలువా కప్పుతారు. కారోసెల్ చదివేవాడికి అది కూడా లేదు.

ఒత్తుల కష్టం ఒక్క ముక్కలో: ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే ఎత్తు పెట్టి తెలుగును అందులో కుక్కితే ‘మర్చి’ కింద చ ఒత్తు తెగిపోతుంది.

నవ్వు ఇక్కడితో చాలు. ఊత్తంగరై, కృష్ణగిరి, హోసూరు వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం మాత్రమే చదివిన పిల్లలు ఉన్నారు. అమ్మతో తెలుగు, అక్షరాలు తమిళం. వాళ్ల ముందు ఈ కారోసెల్ పెడితే రెండు కాదు, పది స్లయిడ్లూ ఖాళీయే. ‘మేము’ మర్చిపోలేదంటున్న ఆ మేములో వాళ్లు లేరు. వాళ్లని ఎవరూ అడగలేదు కూడా.

వాళ్లెలా ఆ స్థితికి వచ్చారో చెప్పడానికి ఎవడూ కారోసెల్ చేయడు. 2006లో తమిళనాడు ప్రభుత్వం బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతి, మరుసటి ఏడు రెండు, ఆపై మూడు. ఏడాదికొక మెట్టు చొప్పున ఎక్కుతూ 2015-16లో పదో తరగతికి చేరింది. అప్పుడు గాని పబ్లిక్ పరీక్షలో తమిళం పేపరు ఎదురుగా నిలబడలేదు. భాషా మైనారిటీలు కోర్టులకెక్కారు, ఒక్కో ఏడాదికి మినహాయింపు అడుక్కున్నారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరో ఏడాదికి పొడిగించింది. తమిళం నేర్చుకోవడం మీద ఆ ఊళ్లలో ఎవరికీ కోపం లేదు, వాళ్ల బతుకంతా తమిళంలోనే ఉంది. ఇంటిభాష అక్షరాలకి బడిలో చోటు లేకుండా పోతుండటం మీదే బాధ. అది జరుగుతున్న పదేళ్లూ ప్రతి ఆగస్టులోనూ తెలుగు జనం అమ్మ భాషకి దండం పెడుతూనే ఉన్నారు. సిగ్గనిపించదా?

లయ కావాలంటే ఇదిగో లయ. పది తరగతులు, పది ఏళ్లు, పది స్లయిడ్లు. మొదటి తొమ్మిదింటిలో ఒకటి, రెండు, మూడు అంటూ తొమ్మిది దాకా అంకెల పేర్లు, ఒకే చోట, ఒకే సైజులో. కింద చిన్నగా ఆ విద్యా సంవత్సరం. స్లయిడ్ స్లయిడ్‌కీ అక్షరం ఒక ఛాయ మసకబారుతుంది. తర్వాత ఏం వస్తుందో తెలుసు కాబట్టి వేలు ఆగదు. మూలన 1/10 అన్న అంకె కూడా ఇక్కడ అడ్డం కాదు, కథలో భాగమవుతుంది. పదో స్లయిడ్‌లో ‘పది’ రావాలి, రాదు. నిండు తెలుపులో ‘పరీక్ష’ అని ఉంటుంది. అడుగున తమిళ లిపిలో కూడా రాస్తే ఎవరి కథో వాళ్లకీ అర్థమవుతుంది. ఖాళీ స్లయిడ్ ఒక్కటీ అక్కర్లేదు.

దీన్ని ఎవరూ చేయరు. ఇందులో అమ్మ లేదు, వేణువు పాట పెట్టడానికి వీలు లేదు. వచ్చే ఆగస్టుకి పాత కారోసెలే ఇరవై స్లయిడ్లతో వస్తుంది. ఆ పేజీలవారికి ఒక మనవి. నాలుగో స్లయిడ్‌లో ఎలాగూ ఏమీ పెట్టరు కాబట్టి, కృష్ణగిరి జిల్లాలో ఇప్పటికీ తెలుగు అక్షరాలు నేర్పే బడి ఉన్న ఊరి పేరొకటి కనుక్కుని అక్కడ రాయండి. ఒక్క మాటే కదా, మీ నియమం కూడా చెడదు.